రాజీనామాకు జవాబు రానప్పుడు: రెండో మెయిల్

మా అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు అమ్మాయి 2025 మార్చి 18, మంగళవారం రాత్రి తొమ్మిదింటికి ఫోన్ పట్టుకుని మా ఇంటికి వచ్చింది. మాదాపూర్‌లో ఒక మధ్యతరహా సాఫ్ట్‌వేర్ కంపెనీలో నాలుగేళ్లుగా పనిచేస్తోంది. నేను పంతొమ్మిదేళ్లు హెచ్ఆర్‌లో పనిచేసిన సంగతి వాళ్లమ్మకు తెలుసు, ఆవిడే పంపింది.

"ఆంటీ, నేను పేపర్లు వేసింది మూడో తారీఖున. పోర్టల్‌లో పదిహేడు అని పడింది. మే 16 దాకా వదలరంట. కొత్త కంపెనీలో మే 5న చేరాలి నేను."

ఏం జరిగిందో కూర్చోబెట్టి అడిగాను. మార్చి 3న మేనేజర్‌కు రాజీనామా మెయిల్ పంపింది. ఆయన మెయిల్‌కు జవాబివ్వలేదు కానీ మర్నాడు క్యాంటీన్‌లో కనిపించి, "తొందరెందుకమ్మా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు. ఆ మాట్లాడుకోవడం ఈ వారం, వచ్చే వారం అంటూ రెండు వారాలు సాగింది. ఈ అమ్మాయి మొహమాటపడి మళ్లీ అడగలేదు. చివరికి 17న హెచ్ఆర్‌కు చాట్‌లో మెసేజ్ పెడితే, "పోర్టల్‌లో సబ్మిట్ చేస్తేనే లెక్క" అని జవాబొచ్చింది. వెంటనే సబ్మిట్ చేసింది. పోర్టల్ ఆ రోజునుంచి 60 రోజులు లెక్కేసి మే 16 అని చూపించింది. రెండు వారాలు పోయాయి.

జవాబు రాకపోవడం వల్ల రాజీనామా చెల్లకుండా పోదు. జారిపోయేది తేదీ. అందుకే రెండో మెయిల్ అసలు పని జవాబు రాబట్టడం కాదు, మొదటి మెయిల్ తేదీని కదలకుండా పట్టి ఉంచడం. జవాబు వస్తే మంచిదే, రాకపోయినా తేదీ నిలవాలి. ఈ అధ్యాయంలో ప్రతి మెట్టూ ఈ ఒక్క లెక్క మీదే నడుస్తుంది.

ముందు మొదటి మెయిల్ సంగతి తేల్చుకోండి

గుర్తుచేసే ముందు, పంపింది నిజంగా వెళ్లిందో లేదో చూడాలి. పంపిన మెయిళ్లలో అది ఉందా, చిరునామాలో అక్షరం తప్పిందా, చేరలేదని సర్వర్ నుంచి తిరుగు మెయిల్ ఏదైనా వచ్చి స్పామ్‌లో పడిందా చూడండి. ఒకే పేరున్న ఇద్దరు ఉద్యోగులుండి, మెయిల్ డబ్బాలో పేరు తనంతట తాను నిండిపోయి, రాజీనామా వేరే విభాగం మనిషికి వెళ్లిపోయిన కేసు నా చేతిమీదుగానే పోయింది. అలాంటప్పుడు మొదటి తేదీకోసం వాదించి లాభం లేదు. ఆ రోజే సరైన మనిషికి కొత్తగా పంపుకోవాలి.

మెయిల్ సరిగ్గానే వెళ్లిందని తేలితే దాన్ని భద్రం చేయండి. స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు, దాన్ని ఎవరైనా మార్చగలరు. మెయిల్‌ను ఫైలుగా దించుకోవాలి. జీమెయిల్ మీద నడిచే ఆఫీసుల్లో మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కితే `Show original` అని వస్తుంది. అందులో `Message-ID` అనే వరుస, పంపిన సమయం సెకండ్లతో సహా ఉంటాయి. చేరిందా లేదా అని ఎవరైనా సందేహపడితే కంపెనీ ఐటీ విభాగం ఆ నంబరు పట్టుకుని తమ సర్వర్‌లో వెతకగలదు. మీ ఆఫీసు మెయిల్ చివరి రోజు సాయంత్రానికే మూతపడుతుంది కాబట్టి ఈ పని చివరి వారానికి వదలకండి. దాచుకునేది రాజీనామాకు సంబంధించిన మెయిళ్లు మాత్రమే. ప్రాజెక్టు కాగితం ఒక్కటి బయటికి పంపినా మీ మీద వేరే తప్పు మోపే వీలిస్తారు.

తర్వాత నియామక పత్రం తీసి నోటీసు నిబంధన చదవండి. "రాతపూర్వకంగా 60 రోజుల నోటీసు" అని మాత్రమే ఉందా, "కంపెనీ పోర్టల్ ద్వారా" అని కూడా ఉందా? ఈ అమ్మాయి పత్రంలో 9వ నిబంధన రాతపూర్వకంగా అని మాత్రమే చెప్పింది. పోర్టల్ ఊసే లేదు. అంటే మార్చి 3 మెయిల్ తన పని తాను చేసింది. పోర్టల్ అని రాసి ఉంటే మాత్రం ఇంత గట్టిగా నిలబడటం కష్టం. అప్పుడు మిగిలిన రోజులకు జీతం కట్టి బై అవుట్ చేసుకోవడమో, కొత్త కంపెనీని రెండు వారాలు గడువడగడమో తప్ప దారి ఉండదు.

చట్టం ఏమంటుంది

మెయిల్ ఎప్పుడు "చేరినట్టు" అన్న ప్రశ్నకు 2000 నాటి ఐటీ చట్టం 13వ సెక్షన్‌లో జవాబుంది. అందుకునేవారు ఫలానా మెయిల్ పెట్టె అని నిర్ణయించి ఉంటే, మెయిల్ ఆ పెట్టెలోకి ప్రవేశించిన క్షణమే అది అందినట్టు. తెరిచి చదివారా లేదా అన్నది లెక్కలోకి రాదు. ఇరుపక్షాలూ వేరే ఒప్పందం చేసుకుని ఉంటే మాత్రం ఆ ఒప్పందమే నడుస్తుంది. అందుకే నియామక పత్రం ముందు చూడమన్నాను.

దానికి ముందున్న 12వ సెక్షన్ రెండు సంగతులు చెబుతుంది. జవాబు ఫలానా రూపంలోనే ఇవ్వాలని ముందుగా షరతు లేకపోతే, అందిందని తెలిపే ఏ ప్రవర్తనైనా రసీదుతో సమానమే. అమ్మాయి మెయిల్ పెట్టె వెతికిస్తే మార్చి 7న మేనేజర్ పంపిన రెండు లైన్ల మెయిల్ బయటపడింది: "కేటీ ప్లాన్ షీట్ నింపి పంపు. కొత్త మనిషికి ఏప్రిల్ నుంచి అప్పగించాలి." రాజీనామా అందకపోతే కేటీ ఎందుకు అడుగుతాడు? జవాబు రాలేదని ఆమె బాధపడుతున్న ఆ రెండు వారాల మధ్యలోనే రసీదు వచ్చి కూర్చుంది. మీరూ వెతకండి. మీ స్థానంలో మనిషికోసం పెట్టిన ఇంటర్వ్యూ పిలుపు, మీ పేరు తీసేసిన షిఫ్టు పట్టిక, చాట్‌లో "ఇంకోసారి ఆలోచించు" అన్న మాట, ఇవన్నీ అలాంటివే.

రెండో సంగతి మరీ ముఖ్యం. జవాబు వచ్చాకే ఇది కట్టుబడేదవుతుందని పంపినవారే షరతు పెట్టుకుంటే, జవాబు రానంతవరకు ఆ మెయిల్ అసలు పంపనట్టే లెక్క. చాలామంది మర్యాదకోసం "మీ జవాబు వచ్చాక దీన్ని అమల్లోకి తీసుకోగలరు" అని రాస్తారు. ఆ ఒక్క వాక్యంతో తేదీ అవతలివాళ్ల చేతికి వెళ్లిపోతుంది. అలాంటి వాక్యం మొదటి మెయిల్‌లోనూ వద్దు, రెండోదానిలోనూ వద్దు.

రెండో మెయిల్ ఎప్పుడు, ఎవరికి, ఎలా

రాజీనామా పంపాక రెండు పూర్తి పనిదినాలు ఆగి, మూడోరోజు ఉదయం రెండో మెయిల్ వెళ్లాలి. సోమవారం పంపితే గురువారం ఉదయం. అంతకంటే ముందు రాస్తే ఒత్తిడి చేసినట్టుంటుంది. వారం దాటితే "మాట్లాడుకుందాం" అన్న మాట మీద మీరు మనసు మార్చుకున్నారని అవతలివాళ్లు చెప్పుకునే వీలుంటుంది.

కొత్త మెయిల్ మొదలుపెట్టకండి. పంపిన పాత మెయిల్‌ను తెరిచి, దానికే జవాబుగా రాయండి. విషయం వరుసను మార్చకండి. అలా రాస్తే పాత మెయిల్ తేదీ, సమయంతో సహా కిందనే కనిపిస్తుంది. మేనేజర్‌తోపాటు హెచ్ఆర్ విభాగపు ఉమ్మడి మెయిల్‌ను కూడా చేర్చండి. ఒక్క మనిషి పెట్టెకే పంపితే ఆ మనిషి సెలవులో ఉన్నా, మానేసినా మెయిల్ అక్కడే ఉండిపోతుంది. మీ సొంత మెయిల్‌కు ఒక ప్రతి పెట్టుకోండి.

మెయిల్‌లో నాలుగే ఉండాలి: ఎప్పుడు పంపారు, నోటీసు ఏ నిబంధన ప్రకారం ఎన్నాళ్లు, చివరి పనిదినం ఏది, ఏ తేదీలోపు రసీదు కావాలి. ఈ అమ్మాయి మార్చి 6న రాసి ఉంటే మూడు వాక్యాల్లో అయిపోయేది. ఇప్పుడు పోర్టల్ చిక్కు కూడా చేరింది కాబట్టి ఇంకాస్త రాయాల్సి వచ్చింది. 19వ తేదీ ఉదయం పంపిన మెయిల్ ఇంగ్లీషులోనే వెళ్లింది, దాని సారం ఇది:

> నమస్కారం. 2025 మార్చి 3, సోమవారం సాయంత్రం 6.42కు నా రాజీనామా పంపాను. ఆ మెయిల్ కింద ఉంది. నియామక పత్రం 9వ నిబంధన ప్రకారం 60 రోజుల నోటీసు మార్చి 4న మొదలై మే 2తో ముగుస్తుంది. నా చివరి పనిదినం 2025 మే 2, శుక్రవారం.
>
> మార్చి 17న హెచ్ఆర్ సూచన మేరకు పోర్టల్‌లో వివరాలు నింపాను. అది మార్చి 3న ఇచ్చిన రాజీనామాను నమోదు చేయడమే, కొత్త రాజీనామా కాదు. పోర్టల్ చివరి పనిదినాన్ని మే 16గా చూపిస్తోంది. దాన్ని మే 2గా, రాజీనామా తేదీని మార్చి 3గా సరిచేయవలసిందిగా కోరుతున్నాను.
>
> మార్చి 3 నాటి మెయిల్ అందినట్టు మార్చి 21, శుక్రవారంలోపు తెలియజేయగలరు. మార్చి 7న మేనేజర్ అడిగిన కేటీ షీట్ జతచేశాను. పని అప్పగింత ప్రణాళిక ప్రకారం కొనసాగిస్తున్నాను.

ఇందులో గమనించండి, "ఆమోదించండి" అని ఎక్కడా లేదు. అందిందని చెప్పడం వేరు, ఆమోదించామని చెప్పడం వేరు. అందిందని ఒక మాట రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు, హెచ్ఆర్‌లో చిన్న ఉద్యోగి కూడా రాసేయగలడు. ఆమోదం అడిగితే ఫైలు మూడు బల్లలు దాటాలి, మీరు అన్నాళ్లూ ఎదురుచూడాలి.

"నా చివరి పనిదినం ఎప్పుడో తెలుపగలరు" అన్న ప్రశ్న కూడా లేదు. ఈ అమ్మాయి మొదటి మెయిల్‌లో చేసిన తప్పు అదే. "వీలైనంత త్వరగా రిలీవ్ చేయగలరు" అని రాసి తేదీ వేయలేదు. తేదీ మీరు వేయకపోతే పోర్టల్ వేస్తుంది. రోజులు లెక్కపెట్టేటప్పుడు పంపిన రోజును కలపకుండా మర్నాటినుంచి మొదలుపెట్టండి. కలిపి లెక్కేస్తే ఆమె చివరి రోజు మే 1 అవుతుంది, అది మే డే సెలవు. ఒక్క రోజు దగ్గర కంపెనీతో తగువు తెచ్చుకోవడం కంటే ఆ ఒక్క రోజు పనిచేయడం మేలు.

మేనేజర్ మీద ఫిర్యాదు కూడా అందులో లేదు. మొదట రాసుకొచ్చిన చిత్తుప్రతిలో "రెండు వారాలుగా కావాలనే తప్పించుకుంటున్నారు" అన్న వాక్యం ఉంది. నేనే తీయించాను. అది నిజమే కావచ్చు. కానీ ఆ వాక్యం ఉంటే హెచ్ఆర్ తేదీని పక్కనపెట్టి ఆ గొడవకు జవాబు రాయడం మొదలుపెడుతుంది.

దానికీ జవాబు రాకపోతే

శుక్రవారం సాయంత్రం దాకా చూశాం. జవాబు లేదు. 24వ తేదీ సోమవారం రెండు పనులు చేయించాను.

మొదటిది, హెచ్ఆర్ హెల్ప్‌డెస్క్‌లో టికెట్ వేయడం. మెయిల్‌ను ఎవరూ చూడకుండా వదిలేయొచ్చు కానీ టికెట్‌కు నంబరు ఉంటుంది, గడువు ఉంటుంది. దాన్ని ఎవరో ఒకరు మూసేయక తప్పదు, మూయాలంటే ఏదో ఒకటి రాయాలి. టికెట్‌లో కథ చెప్పలేదు. "రాజీనామా తేదీ సవరణ: 17-03-2025 బదులు 03-03-2025" అని రాసి, మెయిల్ జతచేసింది.

రెండోది పాత పద్ధతే. ఆ మెయిల్ వరుస మొత్తం ప్రింటు తీసి, పైన ఒక పేజీ లేఖ పెట్టి, రెండు ప్రతులు పట్టుకెళ్లి ఆఫీసు ఇన్‌వర్డ్‌లో ఇచ్చింది. ఒక ప్రతి వాళ్లకు, రెండో ప్రతి మీద స్టాంపు, తేదీ, సంతకంతో మనకు. లేఖ తీసుకున్న గుమస్తాకు అందులోని విషయంతో సంబంధం లేదు కాబట్టి ముద్ర వేయడానికి వెనకాడడు. ఇన్‌వర్డ్ లేని ఆఫీసైతే, ఇంటినుంచి పనిచేసేవారైతే, నియామక పత్రంలో ఉన్న రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు పోస్టులో పంపండి. 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, కౌంటర్‌లో స్పీడ్ పోస్టుకు రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు కావాలని అడిగి తీసుకోవాలి. రసీదుతోపాటు, చేరినట్టు చూపించే ట్రాకింగ్ పేజీని కూడా అప్పుడే ప్రింటు తీసి దాచండి.

ఇదంతా జరుగుతుండగా ఆఫీసుకు వెళ్లడం మాత్రం ఒక్కరోజూ ఆపకండి. జవాబివ్వలేదన్న కోపంతో ఇంట్లో కూర్చుంటే, వాళ్ల రికార్డులో రాజీనామా కనిపించదు, గైర్హాజరు మాత్రం కనిపిస్తుంది. అప్పుడు మీ సొంతూరి చిరునామాకు "అబ్‌స్కాండింగ్" అని లేఖ వస్తుంది. ఆ మాట ఒకసారి రికార్డుకెక్కితే, రేపు కొత్త కంపెనీ చేయించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ముందుగా బయటపడేది అదే.

ప్రభుత్వ, ప్రభుత్వరంగ ఉద్యోగులకు ఇక్కడొక హెచ్చరిక. మీ విషయంలో సర్వీసు నిబంధనల ప్రకారం రాజీనామా ఆమోదం పొందితేనే అమల్లోకి వస్తుంది. ఆ ఆమోదం కూడా మీదాకా చేరాలి. కొంకణ్ రైల్వే ఉద్యోగి ఒకరు రాజీనామా ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకున్న కేసులో 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు, ఆమోదం గురించి లోపల రాసుకున్న లేఖ ఉద్యోగికి చేరనప్పుడు రాజీనామా తుదిరూపు దాల్చినట్టు కాదని తేల్చింది. ఆయనకది మేలుచేసింది. కానీ వెళ్లిపోదామనుకునేవారికి దాని అర్థం వేరు: ఆమోదపు కాగితం చేతికి వచ్చేదాకా మీరింకా ఉద్యోగంలో ఉన్నట్టే.

రికార్డు సరిచేయించడం

25న హెచ్ఆర్ నుంచి జవాబొచ్చింది. "మీ మార్చి 3 మెయిల్ అందింది. చివరి పనిదినం మే 2గా పరిగణిస్తాం. పోర్టల్‌లో రాజీనామా తేదీ మార్చడం కుదరదు, 14 రోజుల నోటీసు తగ్గింపుగా నమోదు చేస్తాం."

అమ్మాయి పొంగిపోయింది. నాకు మాత్రం ఆ చివరి వాక్యం నచ్చలేదు. "తగ్గింపు" అంటే ఆమె ఇవ్వాల్సిన నోటీసులో 14 రోజులు తక్కువ ఇచ్చినట్టు. ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఆ గడి చూసి 14 రోజుల జీతం కోసేయగలదు. ఆ రోజే అదే మెయిల్ వరుసలో ఇంకో రెండు వాక్యాలు రాయించాను: "ధన్యవాదాలు. 60 రోజుల నోటీసు పూర్తిగా ఇస్తున్నందున సెటిల్‌మెంట్‌లో నోటీసు కింద ఏ కోతా ఉండదని, రిలీవింగ్ లెటర్‌లో రాజీనామా తేదీ మార్చి 3 అని ఉంటుందని అర్థం చేసుకుంటున్నాను. వేరేలా ఉంటే తెలియజేయగలరు." దానికి "సరే" అని ఒక్క మాట జవాబొచ్చింది. జూన్‌లో సెటిల్‌మెంట్ పట్టికలో 14 రోజుల కోత కనిపించనే కనిపించింది. ఆ "సరే" ఉన్న మెయిల్ పంపితే నాలుగు రోజుల్లో తీసేశారు.

తేదీ నమోదయ్యే చోట్లు మూడున్నాయి, మూడింటినీ విడివిడిగా చూసుకోవాలి. మొదటిది కంపెనీ పోర్టల్. రెండోది రిలీవింగ్ లెటర్. చేతికి రాగానే రాజీనామా తేదీ, చివరి పనిదినం రెండూ చదవండి. తప్పుంటే ఆ వారంలోనే సవరణ అడగండి, నెలలు గడిస్తే అది రాసినవాళ్లే అక్కడ ఉండకపోవచ్చు.

మూడోది పీఎఫ్ రికార్డు. చాలామంది దీన్ని మరచిపోతారు. పాత కంపెనీ మే 16 అని వేసి, కొత్త కంపెనీ మే 5న చేరినట్టు వేస్తే, పన్నెండు రోజులు రెండు చోట్లా ఒకేసారి పనిచేసినట్టు కనిపిస్తుంది. పీఎఫ్ మెంబర్ పోర్టల్‌లో `Service History` తెరిస్తే వైదొలగిన తేదీ కనిపిస్తుంది. మానేసిన మర్నెలాఖరుకు ఒకసారి చూడండి. తప్పు తేదీ పడితే పాత కంపెనీని మెయిల్ వరుస జతచేసి సవరణ అడగొచ్చు. అసలు తేదీయే వేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత `Mark Exit` ద్వారా ఆధార్ ఓటీపీతో మీరే వేసుకోవచ్చు. చివరి చందా పడిన నెలలోని తేదీనే అక్కడ వేయాలి. తప్పు పడకుండా రిలీవింగ్ లెటర్ పక్కన పెట్టుకుని వేయండి.

జూన్ నెలాఖరులో ఆ అమ్మాయి పీఎఫ్ పేజీ తెరిచి నాకు చూపించింది. వైదొలగిన తేదీ 02-05-2025 అని ఉంది. కింద కొత్త వరుసలో 05-05-2025. మధ్యలో శని, ఆదివారాలు. రిలీవింగ్ లెటర్, హెచ్ఆర్ "సరే" అన్న మెయిల్, ఇన్‌వర్డ్ ముద్రపడిన ప్రతి, మార్చి 3 మెయిల్ ఫైలు, మేనేజర్ కేటీ షీట్ అడిగిన మెయిల్ ఒకే ఫోల్డర్‌లో పెట్టించాను. ఆ ఫోల్డర్ పేరు మీద రాజీనామా తేదీ రాసుకోమన్నాను.